ఎప్పటికీ ఇస్తామంటే ఎంత అసలు ఉండాలి? మన నాలుగు లక్షల లెక్క

(సోమందేపల్లెలో మన తండాల యువజన సమావేశంలో మాట్లాడిన మాటల పాఠం ఇది. ఆ రోజు రాలేకపోయినోళ్లు అడిగినారని, లెక్కలు సరిచూసి ఇక్కడ పెడుతున్నా.)

 

ఈ పొద్దు మన ముందర ఉండే మాట ఒకటే. మన తండాల నుంచి డిగ్రీకి పోయే ఆడబిడ్డల్లో ఏటా ఒకరికి స్కాలర్‌షిప్ ఇయ్యాలనుకున్నాం. ఒక ఏడు ఇచ్చి నిలిపేసేది కాదు, మనం పోయినాక కూడా నడిచేది. దానికోసం అందరూ కూడేసిన డబ్బు నాలుగు లక్షలు. పోయిన వారం పెద్దాయన ఒకరు లెక్క చెప్పినారు: "నాలుగు లక్షలు బ్యాంకులో ఏడు శాతానికి వేస్తే ఏటికి 28 వేలు వస్తుంది. ఆ 28 వేలు ఏటా ఇచ్చేద్దాం. అసలు కదిలేది లేదు, వడ్డీ ఆగేది లేదు. ఇంక సమావేశం ఎందుకప్పా?"

ఆయన లెక్క తప్పు కాదు. నాలుగు లక్షలకు ఏడు శాతం అంటే 28 వేలే. ఏడాది చివర 4,28,000 అవుతుంది, 28 వేలు తీసిస్తే మళ్లీ నాలుగు లక్షలే మిగుల్తాది. వంద ఏళ్లైనా అంతే. శాశ్వత నిధికి మొదటి సూత్రం కూడా ఇదే. ఏటా ఎంత ఇయ్యాలో దాన్ని వడ్డీ రేటుతో భాగిస్తే ఎంత అసలు కావాలో తేలుతాది. 28,000ని 0.07తో భాగించండి, నాలుగు లక్షలు వస్తుంది.

నేను అడిగేది ఒకటే ప్రశ్న. వంద ఏళ్లు 28 వేలే ఇస్తే, ఆ 28 వేలతో ఆ బిడ్డ ఏం కొంటుంది?

హాస్టల్ మెస్ బిల్లు, పెనుకొండకో హిందూపురానికో బస్సు ఖర్చు, పరీక్ష ఫీజు, పుస్తకాలు కలిపి ఈ పొద్దు 28 వేలు అయితాయి అనుకుందాం. ఇవి ఏటా ఐదు శాతం పెరుగుతాయి అనుకుందాం. ఐదు ఎక్కువేం కాదు. రిజర్వ్ బ్యాంకు పెట్టుకున్న లక్ష్యమే నాలుగు శాతం. 2020-21లో దేశం మొత్తం మీద ధరల పెరుగుదల సగటు 6.2 శాతం, 2022-23లో 6.7 శాతం. ఐదు శాతం లెక్కన పోతే పద్నాలుగేళ్లకు ఖర్చు రెండింతలు అయితాది. అంటే ఇప్పుడు పుట్టిన పాప ఇంటర్‌కు వచ్చేలోపే మన 28 వేలు ఈ పొద్దుటి 14 వేలకు సమానం. ఇంకో పద్నాలుగేళ్లకు ఏడు వేలు. నోటు మీద అంకె అదే ఉంటాది, సర్టిఫికెట్ మీద అవ్వ పేరు అదే ఉంటాది, బిడ్డ మాత్రం మెస్ బిల్లు కట్టలేక నడుమలో ఇంటికొస్తాది.

ఇది మన తండాకే వచ్చిన కష్టం కాదు. నోబెల్ బహుమతి సంగతే చూడండి. ఆల్ఫ్రెడ్ నోబెల్ 1895లో వీలునామా రాసినాడు. తన ఆస్తిని భద్రమైన పెట్టుబడుల్లో పెట్టి, వచ్చే వడ్డీని ఏటా బహుమతులుగా పంచమన్నాడు. 1901లో మొదటి బహుమతి ఒక్కోటి 1,50,782 క్రోనర్లు. భద్రమైన పెట్టుబడి అంటే ఆ కాలంలో బాండ్లు, తాకట్టు అప్పులు అని అర్థం చేసుకున్నారు. అసలు పోలేదు. ఐతే ధరలు పెరిగినాయి, పన్నులు పడినాయి. 1923 వచ్చేసరికి బహుమతి 1,15,000 క్రోనర్ల లోపుకు దిగిపోయింది. అంకె తగ్గింది, ఆ అంకెకు దొరికే సరుకూ తగ్గింది. 1946లో పన్ను మినహాయింపు దొరికింది. 1953లో షేర్లలో కూడా పెట్టచ్చని నియమాలు మార్చుకున్నారు. 1901 నాటి విలువను ఆ బహుమతి తిరిగి అందుకున్నది 1991లో. తొంభై ఏళ్లు పట్టింది. అంత పెద్ద ఆస్తి, అంతమంది తెలిసినోళ్లు కూచున్న సంస్థకే అట్లయింది.

సరే, మన లెక్కకు వద్దాం. స్కాలర్‌షిప్ కూడా ఏటా ఐదు శాతం పెరగాల అనుకుంటే అసలు కూడా ఏటా ఐదు శాతం పెరగాల. అసలు పెరగాలంటే వచ్చిన వడ్డీలో కొంత తిరిగి అసలులోనే కలపాల. ఏడు శాతం వస్తే ఐదు శాతం అసలుకు, మిగిలిన రెండు శాతం బిడ్డకు. అప్పుడు సూత్రం ఇట్లా మారుతాది:

కావలసిన అసలు = మొదటి ఏటి స్కాలర్‌షిప్ ÷ (వడ్డీ రేటు − ఖర్చుల పెరుగుదల రేటు)

28,000ని 0.02తో భాగించండి. పద్నాలుగు లక్షలు. మన దగ్గర ఉండేది నాలుగు.

తిరగేసి అడిగితే, నాలుగు లక్షలతో ఎప్పటికీ ఎంత ఇయ్యచ్చు? నాలుగు లక్షల్లో రెండు శాతం, ఎనిమిది వేలు.

నమ్మబుద్ధి కాకపోతే మూడేళ్లు నడిపి చూద్దాం. మొదటి ఏడు వడ్డీ 28,000 వచ్చింది. ఎనిమిది వేలు ఇచ్చినాం, 20,000 అసలులో కలిపినాం. అసలు 4,20,000. రెండో ఏడు వడ్డీ 29,400. ఇచ్చింది 8,400, కలిపింది 21,000. అసలు 4,41,000. మూడో ఏడు వడ్డీ 30,870. ఇచ్చింది 8,820, కలిపింది 22,050. అసలు 4,63,050. స్కాలర్‌షిప్ ఐదు శాతం పెరిగింది, అసలు ఐదు శాతం పెరిగింది, రెండూ జోడెద్దుల మాదిరి పోతాండాయి. ఇట్లా పోతే ఆగే పని లేదు.

మరి నాలుగు లక్షలే పెట్టి 28 వేలతో మొదలుపెట్టి, దాన్నే ఏటా ఐదు శాతం పెంచుకుంటూ పోతే? మొదట్లో ఏమీ తెలియదు. మొదటి ఏడు తర్వాత అసలు నాలుగు లక్షలే. రెండో ఏడు 29,400 ఇయ్యాల, వడ్డీ 28,000, అసలు 3,98,600 అయితాది. 1,400 తగ్గింది, ఎవరు పట్టించుకుంటారు? మూడో ఏడు 3,95,632. ఐదారేళ్లు అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తాది. ఆ తర్వాత తగ్గుడు వేగం అందుకుంటాది. పదిహేడు మంది బిడ్డలకు నిండా ఇయ్యగలం. పద్దెనిమిదో ఏడు ఇయ్యాల్సింది 64 వేల పైచిలుకు, ఖాతాలో వడ్డీతో కలిపి మిగిలేది 53 వేల చిల్లర. అక్కడితో ఖతం. ఆ పద్దెనిమిదో బిడ్డ ఇంకా పుట్టి ఉండదు. ఈ సభలో మనం "శాశ్వతం" అని చెప్పిన మాట ఆ బిడ్డకు చెప్పినట్టే కదా.

ఇక్కడ ఒక అన్న లేచి అడిగినాడు, "ఏడు శాతం ఎందుకు, మనమే నూటికి రెండు రూపాయలకు తిప్పుకుంటే పోలేదా?" అని. న్యాయమైన ప్రశ్నే. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏటికి 24 శాతం. నాలుగు లక్షలకు 96 వేలు. కాగితం మీద మన కష్టాలన్నీ తీరిపోయినట్టే.

కానీ ఆ 24 ఎందుకు 24? ఎగ్గొట్టేవాళ్లు ఉంటారని ముందే తెలిసి పెట్టిన రేటు అది. ఆరుగురికి సమానంగా అప్పిచ్చి ఒకరు అసలు వడ్డీ రెండూ ఎగ్గొడితే చేతికొచ్చేది మూడు శాతం చిల్లర. ఇద్దరు ఎగ్గొడితే అసలే కరుగుతాది. ఇంకొక సంగతి, ఇది మన సీమకు మరీ ముఖ్యం. వేరే చోట ఆరుగురిలో ఒకరికి ఈ ఏడు, ఇంకొకరికి మరో ఏడు కష్టం వస్తాది. మన దగ్గర వాన రాకపోతే వేరుశనగ అందరి చేన్లోనూ ఒకేసారి ఎండుతాది. అప్పు తీసుకున్న ఆరుగురూ ఒకే ఏడు చేతులెత్తేస్తారు. బిడ్డకు స్కాలర్‌షిప్ అన్నిటికంటే అవసరమైన ఏడు కూడా అదే. కరువు ఏడు ఎండిపోయే బావిని కరువు కోసమని తవ్వుకుంటామా? బయటి కంపెనీలు ఎక్కువ ఇస్తామంటే అదీ అంతే. అగ్రిగోల్డ్‌లో వేసినోళ్లు లక్షల మంది, చెల్లింపులు ఆగిపోయినాక ఎన్నేళ్లు తిరిగినారో మన జిల్లాలో ఎవర్ని అడిగినా చెప్తారు.

సరే, బ్యాంకే అనుకుందాం. అప్పుడైనా "ఏడు" అనేది దేవుడిచ్చిన అంకె కాదు. 2020 మే నుంచి 2022 మే దాకా రిజర్వ్ బ్యాంకు రెపో రేటు నాలుగు శాతం దగ్గర ఉండింది. ఆ కాలంలో పెద్ద బ్యాంకుల్లో ఐదేళ్ల డిపాజిట్‌కు కూడా ఐదున్నర శాతం దాటేది కాదు. ధరలు మాత్రం ఆరు శాతం చుట్టూ పెరుగుతుండినాయి. అప్పుడు మన సూత్రంలో వడ్డీలో నుంచి పెరుగుదల తీసేస్తే సున్నా కంటే కింద వస్తాది. ఆ రెండేళ్లు బ్యాంకు డిపాజిట్‌తో నడిచే ఏ నిధి అయినా, ఒక్క రూపాయి ఇయ్యకపోయినా, లోపల్లోపల కరిగినట్టే.

ఈ సూత్రంలో జాగ్రత్తగా చూడాల్సింది ఆ తేడానే. ఏడు లోంచి ఐదు పోతే రెండు, పద్నాలుగు లక్షలు చాలు. వడ్డీ ఆరుకు దిగితే తేడా ఒకటే. అదే 28 వేలకు ఇరవై ఎనిమిది లక్షలు కావాల. వడ్డీ తగ్గింది ఒక్క శాతం, కావలసిన అసలు రెండింతలు. ఎవరైనా వచ్చి "ఇన్ని లక్షలు పెడితే శాశ్వతంగా ఇంత" అని చెప్తే, వడ్డీ ఎంత అనుకున్నావు, ధరలు ఎంత అనుకున్నావు అని రెండూ అడగండి. ఒక్కటే చెప్తే లెక్క సగమే చెప్పినట్టు.

మరి నోబెల్ వాళ్ల మాదిరి షేర్లలో పెట్టచ్చు కదా అంటారు చదువుకున్న తమ్ముళ్లు. పన్ను మినహాయింపు తీసుకున్న ధర్మ ట్రస్టు నేరుగా షేర్లు కొనకూడదు, మ్యూచువల్ ఫండ్ యూనిట్లు కొనచ్చు. దీర్ఘకాలంలో ధరల్ని దాటే అవకాశం అక్కడ ఎక్కువ, నిజమే. ఐతే ఒక ఏడు పావు భాగం పడిపోతే భయపడకుండా కూచోగల కమిటీ కావాల. నోబెల్ ఫౌండేషన్ కూడా 2012లో బహుమతిని కోటి క్రోనర్ల నుంచి ఎనభై లక్షలకు తగ్గించుకునింది, తర్వాత మెల్లగా పెంచుకుంటూ 2020లో మళ్లీ కోటికి తెచ్చింది. వాళ్లు తగ్గించగలిగినారు. మన తండాలో స్కాలర్‌షిప్ తగ్గిస్తే "డబ్బు ఎవరు తిన్నారు" అని పంచాయితీ పెడతారు. నా మటుకు నేను, ఇరవై లక్షలు దాటేవరకు ఆ దారి వద్దంటాను.

ఇప్పుడు ఇంకో రకం శాశ్వతం గురించి చెప్పాల, ఎందుకంటే నేను పెట్టబోయే ప్రతిపాదన దాని నుంచే వచ్చింది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీకి జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చేటట్టు మాట ఇచ్చినాడు. అక్కడి సైన్స్ అండ్ టెక్నాలజీ కాలేజీకి ఆయన పేరే పెట్టినారు. 1930ల నాటి లక్ష అది. ఆ లక్షను నాలుగు శాతం వడ్డీ మీద రాబట్టాలంటే పాతిక లక్షల అసలు కావాల. ఆయన పాతిక లక్షలు పక్కన పెట్టి ఇయ్యలేదు, ఏటా వచ్చే ఎస్టేట్ రాబడిలోంచి ఇచ్చినాడు. ఆ ఎస్టేట్ కొరాపుట్ కొండల్లో. అక్కడ దున్నినోళ్లు, శిస్తు కట్టినోళ్లు ఎక్కువమంది మనలాంటి ఆదివాసీలే. యూనివర్సిటీ గోడ మీద రాజు పేరు ఉంది, వాళ్ల పేర్లు లేవు. అది వేరే సభలో మాట్లాడుకోవాల్సిన మాట.

లెక్క వరకు చూస్తే, ఏటా ఇస్తామనే మాటకు లాభం ఉంది, ప్రమాదం ఉంది. లాభం ఏమంటే, పాతిక లక్షలు చేతిలో లేకుండానే పాతిక లక్షల పని మొదలైతాది. ప్రమాదం ఏమంటే, ఆ మాట ఇచ్చినాయన రాబడి ఉన్నంత కాలమే నిలబడుతుంది. 1950లలో జమీందారీలు రద్దయినాయి. ఎస్టేటే లేనప్పుడు ఎస్టేట్ రాబడి మీద రాసిన మాటకు ఆధారం ఏముంటాది? అసలు చేతిలో ఉంటే రాజు పోయినా వడ్డీ వస్తాది. మాట మాత్రమే ఉంటే మాట ఇచ్చినోడు ఉండాల.

మనం ఈ రెండూ కలపచ్చు. చూడండి. మన అసలు నాలుగు లక్షలు. వడ్డీ 28 వేలు మొత్తం బిడ్డకు ఇచ్చేద్దాం. అసలు ఐదు శాతం పెరగడానికి కావలసిన 20 వేలు వడ్డీలోంచి కాకుండా మన చందాలోంచి వెయ్యాల. నలభై ఇళ్లు, ఇంటికి ఏటికి 500. ఏడాది చివర అసలు 4,20,000. రెండో ఏడు వడ్డీ 29,400, అంటే మొదటి ఏటి 28 వేల మీద సరిగ్గా ఐదు శాతం ఎక్కువ. అంతా బిడ్డకే. రెండో ఏడు చందా 21,000, ఇంటికి 525. అసలు 4,41,000. మూడో ఏడు 30,870 బిడ్డకు. ఇది పద్నాలుగు లక్షల నిధి చేసే పనే, నాలుగు లక్షలతో. మిగిలిన పది లక్షల పని మన నలభై ఇళ్లు చేస్తాండాయి.

చందా ఆగిపోతే? ఇందులో నాకు నచ్చింది అదే. ఒక కరువు ఏడు ఒక్క ఇల్లు కూడా ఇయ్యలేకపోయిందనుకోండి. అసలు పెరగదు, అంతే, కరగదు. స్కాలర్‌షిప్ పోయిన ఏటి అంకె దగ్గరే ఆగుతాది. పద్దెనిమిదో ఏడు ఖతం అయ్యే దారికీ దీనికీ అదే తేడా. కాబట్టి నియమం ఒకటే రాసుకుందాం: ఆ ఏటి వడ్డీకి మించి ఏ ఏడూ ఇయ్యకూడదు, అసలును ఏ కారణానికీ తాకకూడదు. పెండ్లికి వద్దు, ఆస్పత్రికి వద్దు, బోరుకు వద్దు. గుండె రాయి చేసుకోవాల్సి వస్తాది, దానికోసం కావాలంటే వేరే డబ్బా పెట్టుకుందాం.

ఈ చందా దారికి ఇంకో కారణం కూడా ఉంది, అది పన్ను చట్టంలో ఉంది. పన్ను మినహాయింపు కోసం నమోదైన ట్రస్టు, ఒక ఏడు వచ్చిన ఆదాయంలో 85 శాతం ఆ పనికే ఖర్చు చెయ్యాల. 15 శాతం వరకే ఊరికే మిగుల్చుకోవచ్చు. అంతకు మించి దాచాలంటే ఏ పనికో ముందే రాసిచ్చి, ఐదేళ్లలోపు ఖర్చు చెయ్యాల. మనం ముందు చెప్పుకున్న పద్ధతిలో ఏడులో ఐదు భాగాలు, అంటే వడ్డీలో 71 శాతం తిరిగి అసలులో కలుపుతాం. చట్టం ఊరికే ఒప్పుకునేది 15. ఆదాయం మొత్తం పన్ను పడని పరిమితి లోపల ఉన్నంత కాలం ఇది పెద్ద ఇబ్బంది కాదు, 28 వేలకు ఎవరూ పన్ను అడగరు. నిధి పెద్దదైతే అడుగుతారు. కార్పస్‌కు అని చెప్పి ఇచ్చిన చందా మాత్రం ఈ 85 శాతం లెక్కలోకి రాదు. కాబట్టి ఇచ్చే ప్రతి ఇంటి దగ్గరా ఒక చీటీ తీసుకోవాల: "ఈ డబ్బు స్కాలర్‌షిప్ నిధి కార్పస్‌కు ఇస్తున్నాను" అని రాసి సంతకమో వేలిముద్రో. చీటీ లేకపోతే అది మామూలు ఆదాయం కింద పడుతుంది. చీటీ చిన్నదే, తర్వాత ఆడిటర్ ముందర దాని విలువ తెలుస్తాది.

ఒకరి పేరు మీద డబ్బు వెయ్యద్దు. ఎంత మంచోడైనా వద్దు. డిపాజిట్ ఆయన పేరు మీద ఉంటే వడ్డీ ఆయన ఆదాయం, ఆయన పోతే డబ్బు కోసం తిరగాల్సింది ఆయన వారసుల చుట్టూ. ట్రస్టు డీడ్ రాయించి, ట్రస్టు పాన్ తీసుకుని, ముగ్గురిలో ఇద్దరి సంతకం ఉండే ఖాతా తెరవాల. పాన్ ఇయ్యకపోతే బ్యాంకు వడ్డీ మీద ముందే 20 శాతం కోసేసే అవకాశం ఉంది.

డిపాజిట్ ఎట్లా వెయ్యాలి అంటే, నాలుగు లక్షలూ ఒకే రసీదు మీద ఐదేళ్లకు వెయ్యద్దు. 80 వేలవి ఐదు చెయ్యండి. ఒకటి ఏడాదికి, ఒకటి రెండేళ్లకు, అట్లా ఐదేళ్ల దాకా. ఏటా ఒకటి తేలుతుంది, దాన్ని ఆ పొద్దుటి రేటుకు మళ్లీ ఐదేళ్లకు వెయ్యాల. మొత్తం ఒకటే 2021లో తేలి ఉంటే ఐదేళ్లు ఐదున్నర శాతం దగ్గర ఇరుక్కునేది. ఐదు ముక్కలైతే చెడ్డ ఏడు ఒక్క ముక్కనే పట్టుకుంటాది. రేటు బాగా ఉన్న ఏడు కూడా ఒక్క ముక్కకే లాభం, అది నిజమే, కానీ మనకు కావాల్సింది ఏటా ఒకే తీరుగా వచ్చే డబ్బు. ఇంకొకటి, వడ్డీ చేతికి వచ్చే రకం తీసుకోవాల, అసలులో కలిసిపోయే రకం కాదు. లేకపోతే జూన్‌లో బిడ్డ ఫీజు కట్టాల్సిన రోజుకు డబ్బు రసీదులోనే ఉంటాది. నిధి ఐదు లక్షలు దాటే రోజుకు రెండో బ్యాంకులో ఖాతా తెరవాల. బ్యాంకు మునిగితే డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒక డిపాజిటర్‌కు అసలు వడ్డీ కలిపి ఐదు లక్షల వరకే, 2020 ఫిబ్రవరి నుంచి ఆ పరిమితి. ఐదు శాతం లెక్కన మన నిధి ఐదో ఏడే ఐదు లక్షలు దాటుతాది.

మొదటి స్కాలర్‌షిప్ ఎప్పుడు అని అక్క అడిగింది. సూత్రం ప్రకారం డబ్బు వేసిన ఏడాదికి. వడ్డీ పుట్టాల కదా. ఈ జూన్‌లోనే ఇయ్యాలంటే ఆ 28 వేలు నాలుగు లక్షలకు బయట వేరే కూడెయ్యాల. అసలులోంచి తీస్తే 3,72,000తో మొదలైతాం, వచ్చే ఏడు వడ్డీ 26,040 మాత్రమే. మొదటి బిడ్డ కంటే రెండో బిడ్డకు తక్కువ ఇచ్చినట్టయితాది.

కమిటీ పని సరిగా చేస్తాందా లేదా అని ఎట్లా తెలుసుకోవాల? పాస్‌బుక్ చూస్తే సరిపోదు. నాలుగు లక్షలు దాటి ఉంటే అందరూ బాగుందనుకుంటారు. ఏటా ఉగాది నాటికి తండా గోడ మీద మూడు అంకెలు రాయాల. ఇప్పుడు అసలు ఎంత ఉంది. ధరలతో సమానంగా పెరిగి ఉంటే ఎంత ఉండాల్సింది. ఈ ఏడు ఎంత ఇచ్చినాం. రెండో అంకెకు ఢిల్లీ లెక్కలు అక్కర్లేదు, ఆ ఏడు చదువుతుండే బిడ్డ మెస్ బిల్లు, బస్సు ఖర్చు, పరీక్ష ఫీజు రసీదులు కూడి, మొదటి ఏటి 28 వేలతో పోల్చండి. ఖర్చు 33,600 అయిందంటే ఐదో వంతు పెరిగినట్టు, అసలు 4,80,000 ఉండాల. గోడ మీద మొదటి అంకె రెండో అంకె కంటే వరసగా మూడేళ్లు తక్కువ ఉంటే నిధి సన్నబడుతున్నట్టు. అప్పుడు చందా పెంచాలా, స్కాలర్‌షిప్ పెంచకుండా ఆపాలా అని సభ పెట్టి తేల్చుకోవాల.

పద్నాలుగు లక్షలు చేరేదాకా చందా, ఆ తర్వాత చందా అక్కర్లేదు కదా అని ఒక తమ్ముడు అన్నాడు. ఒక మెలిక ఉంది తమ్ముడూ. ఆ పద్నాలుగు లక్షలు ఈ ఏటి 28 వేలకు. ఐదేళ్ల తర్వాత అదే చదువుకు 35,700 దాకా కావాల, దానికి అసలు పదిహేడు లక్షల 87 వేలు. గమ్యం కూడా ఏటా ఐదు శాతం ముందుకు జరుగుతుంటాది. ఇంటికి 500తో మనం దాని వెనకే పోతుంటాం, అందుకోము. అందుకోవాలంటే ఉద్యోగాల్లో కుదురుకున్నోళ్లు, ఈ స్కాలర్‌షిప్‌తోనే చదివి రేపు జీతం తీసుకునే బిడ్డలు పెద్ద మొత్తాలు వెయ్యాల. వాళ్లు వేసిన ప్రతి లక్షకు ఇంటి చందాల్లోంచి ఏటికి ఐదు వేల బరువు దిగదు. ఐతే ఏడు శాతంలో ఐదు దానికదే తిరిగి పెట్టుకునేటట్టు ఉంచితే, ఆ లక్ష ఏటికి రెండు వేలు ఎప్పటికీ ఇస్తుంది. పెద్దగా కనిపించదు. అదే నిజమైన అంకె.

కొంతమంది శాశ్వతం ఎందుకు, ఉన్నది ఇప్పటి బిడ్డలకే ఇద్దాం అంటారు. అది కూడా మర్యాదైన దారే. పదిహేడు మంది బిడ్డలకు నిండా ఖర్చు ఇచ్చి, పద్దెనిమిదో ఏడు మూసేస్తామని ఈ పొద్దే చెప్పి మొదలుపెడితే అందులో మోసం లేదు. మోసం ఎక్కడంటే, ఆ లెక్కతో నడుపుతూ బోర్డు మీద "శాశ్వత" అని రాస్తే.

కాబట్టి ఈ పొద్దు చేతులెత్తి తేల్చాల్సినవి రెండు. ఒకటి, 28 వేలు వడ్డీ మొత్తం ఇచ్చి ఇంటికి 500 చందా కట్టే దారా, లేక చందా లేకుండా ఎనిమిది వేలతో మొదలయ్యే దారా. రెండు, ట్రస్టు డీడ్ మీద సంతకం పెట్టే ముగ్గురు ఎవరు. ముగ్గురిలో కనీసం ఒకరు ఆడమనిషి ఉండాలని నా మాట. నలభై ఇళ్ల పేర్లు రాసుకునే నోట్‌బుక్ వెనక బెంచీ మీద ఉంది, కార్పస్ చీటీలు కూడా అక్కడే. చదవడం రానోళ్లకు మన ఇంటర్ పిల్లలు చదివి వినిపిస్తారు, విన్నాకే వేలిముద్ర వెయ్యండి.